బ్రేక్ వేస్తే పెడల్ అదురుతోందా? డిస్క్ మార్చే ముందు మందం కొలవండి

కారు వంద స్పీడులో హాయిగా పోతోంది. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది, శబ్దం లేదు. ముందు బండి స్లో అయిందని బ్రేక్ మీద కాలు పెట్టగానే పెడల్ కింద నుంచి దడదడమని అదురు. కాలు తీస్తే మళ్లీ ఏమీ లేదు. వర్క్‌షాపుకి తీసుకెళ్తే దాదాపు ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: "డిస్క్ బెండ్ అయింది సార్, మార్చేద్దాం."

నేనూ ఆ మాట నమ్మి ముందు చక్రాల డిస్కులు, ప్యాడ్లు మార్పించాను. అదురు పోయింది, సంతోషించాను. సరిగ్గా ఏడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే అదురు మళ్లీ వచ్చింది. కొత్త డిస్కులు ఇంత త్వరగా ఎలా వంగుతాయన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకలేదు. అప్పుడు మందం కొలిచే మైక్రోమీటర్ ఒకటి, ఊగులాట కొలిచే డయల్ గేజ్ ఒకటి తెచ్చుకుని నేనే కొలవడం మొదలుపెట్టాను. డిస్క్ వంగనే లేదు. అసలు కారణం డిస్క్, చక్రం రెండూ బిగిసే హబ్ మీద ఉంది. ఆ కొలతలన్నీ కింద ఇస్తున్నాను, మీ కారుకీ అదే వరసలో చేసుకోవచ్చు.

పెడల్‌కి తెలిసేది వంపు కాదు, మందం

ముందుగా ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా సులువు. ప్యాడ్లని డిస్క్ మీద నొక్కేది క్యాలిపర్. మామూలు కార్లలో ఉండేది ఫ్లోటింగ్ క్యాలిపర్. అంటే పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది, క్యాలిపర్ మొత్తం తన పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. డిస్క్ ఒకే మందంతో ఉండి కాస్త పక్కకు ఊగుతూ తిరిగిందనుకోండి. క్యాలిపర్ కూడా డిస్క్‌తో పాటు జరుగుతుంది. పిస్టన్ తన సిలిండర్‌లో లోపలికి వెళ్లాల్సిన పని పెద్దగా ఉండదు కాబట్టి పెడల్‌కి తెలిసేది చాలా తక్కువ.

అదే డిస్క్ ఒక చోట మందంగా, ఒక చోట పలచగా ఉంటే కథ వేరు. మందమైన చోటు రెండు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. వెనక్కి వెళ్లిన పిస్టన్ ఆయిల్‌ని నెడుతుంది, ఆయిల్ మాస్టర్ సిలిండర్‌ని, అది పెడల్‌ని, పెడల్ మీ కాలిని. అందుకే స్టీరింగ్ అదిరినా అదరకపోయినా, పెడల్ కొట్టుకుంటోందంటే మందంలో తేడా ఉందనే మొదట అనుమానించాలి.

ఆ తేడా ఎంత చిన్నదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మామూలు కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. అందులో దాదాపు ఆరో వంతు, అంటే 0.015 మి.మీ. తేడా దాటితే చాలా కార్లలో కాలికి తెలిసిపోతుంది. కంటితో చూసినా, వేలితో తడిమినా ఇది దొరకదు. డిస్క్‌ని చేత్తో తిప్పి చూసి "బెండ్ ఉంది" అని ఎవరైనా అంటే వాళ్లకు కనిపించింది ఊగులాట అయి ఉండవచ్చు, మందంలో తేడా మాత్రం కాదు.

మందం ఎందుకు మారుతుంది

దారులు రెండు. ఒకటి, కొన్ని చోట్ల డిస్క్ అరిగి పలచబడటం. రెండు, కొన్ని చోట్ల ప్యాడ్ పదార్థం పూతలా అంటుకుని మందం పెరగడం. కాలికి రెండూ ఒకేలా తెలుస్తాయి. వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

అరుగుదల ఇలా మొదలవుతుంది. డిస్క్ హబ్ మీద సమంగా కూర్చోకపోతే తిరిగేటప్పుడు పక్కకు ఊగుతుంది. మెకానిక్‌లు దీన్ని రనౌట్ అంటారు. బ్రేక్ వేయనప్పుడు కూడా డిస్క్ ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టులో ప్యాడ్‌ని ఒకసారి రాసుకుంటూ పోతుంది. బయటి వైపు ఒక చోట రాసుకుంటే, సరిగ్గా దానికి ఎదురుగా, అరచుట్టు దూరంలో, లోపలి వైపు రాసుకుంటుంది. హైవే మీద గంటల తరబడి ఇదే జరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఎదురెదురుగా రెండు చోట్ల డిస్క్ పలచబడుతుంది. కొత్త డిస్క్ వేసిన రోజున అదురు లేకపోవడం, ఐదారు వేల కిలోమీటర్ల తర్వాత రావడం వెనక ఉన్న రహస్యం ఇదే. ఊగులాట మొదటి రోజు నుంచే ఉంది. అదురుగా మారడానికి అరుగుదల కావాలి, దానికి సమయం పట్టింది.

పూతది వేరే కథ. ప్యాడ్ వేడెక్కినప్పుడు దాని పదార్థం పలచటి పొరలా డిస్క్‌కి అంటుకుంటుంది. ఇది లోపం కాదు. ఆ పొర సమంగా ఉంటే బ్రేక్ బాగా పనిచేస్తుంది. ఘాట్ రోడ్డు దిగి, లేదా హైవే మీద గట్టిగా బ్రేక్ కొట్టి ఆగి, కారు నిలబడ్డాక కూడా పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఉంచితే చిక్కు వస్తుంది. కాలుతున్న ప్యాడ్ ఒకే చోట అతుక్కుని ఉంటుంది కదా, అక్కడ పొర మందంగా దిగుతుంది. కొత్త ప్యాడ్లని సరిగా సెట్ చేయకుండా మొదటి రోజే గట్టిగా వాడినా ఇలాగే మచ్చలు పడతాయి.

నిజంగా డిస్క్ వంగడం అసలు జరగదా అంటే, జరుగుతుంది. నట్లు అడ్డదిడ్డంగా బిగించినా, పోత సరిగా లేని డిస్క్ అయినా కొంత వంగవచ్చు. అలా వంగినా అది ముందు ఊగులాటే అవుతుంది, పెడల్ అదురుగా మారాలంటే మళ్లీ పైన చెప్పిన అరుగుదల జరగాల్సిందే.

ముందు రోడ్డు మీద తేల్చుకోవలసినవి

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద వంద స్పీడు నుంచి మెల్లగా, ఒకే ఒత్తిడితో బ్రేక్ వేసి ముప్పై వరకు తగ్గించండి. అదురు ఎలా మారుతోందో కాలితో గమనించండి. చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు అనుకుంటే వంద స్పీడులో అది సెకనుకు 14, 15 చుట్లు తిరుగుతుంది. పలచని చోట్లు రెండు ఉంటే సెకనుకు దాదాపు 29 దెబ్బలు. అందుకే పైస్పీడులో అది సన్నటి వణుకులా ఉంటుంది. ముప్పై స్పీడుకి వచ్చేసరికి దెబ్బలు సెకనుకు ఎనిమిదో తొమ్మిదో అయి, మెల్లగా, విడివిడిగా తెలుస్తాయి, లేదా బలహీనమై మాయమవుతాయి. స్పీడుతో పాటు అదురు వేగం కూడా తగ్గుతోందంటే అది చక్రంతో తిరిగే వస్తువు నుంచే వస్తోంది.

ఏబీఎస్ కూడా పెడల్‌ని కొడుతుంది. కానీ గట్టిగా బ్రేక్ వేసి చక్రం జారబోతున్నప్పుడే కొడుతుంది, మెల్లగా వేసినప్పుడు రాదు, స్పీడుతో పాటు నెమ్మదించదు. బ్రేక్ వేయకపోయినా వణుకు ఉంటే అది వీల్ బ్యాలెన్సింగ్, టైరు సమస్య. ఆ దారి వేరు.

ముందు చక్రాలా, వెనక చక్రాలా? పెడల్‌తో పాటు స్టీరింగ్ కూడా అదిరితే ముందువి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు అదిరితే వెనకవి అనుకోవచ్చు. వెనక డ్రమ్ములు ఉండి, చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో మరో పరీక్ష ఉంది. ముందూ వెనకా ఎవరూ లేని చోట యాభై స్పీడులో, బటన్ నొక్కిపట్టి హ్యాండ్ బ్రేక్‌ని కొద్దికొద్దిగా లాగండి. అదురు వస్తే డ్రమ్ గుండ్రంగా లేదన్నమాట. తడి రోడ్డు మీద ఇది చేయకండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే అసలే వద్దు.

చక్రం విప్పాక: చూడటం, కొలవడం

డిస్కులు పూర్తిగా చల్లారాలి. చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద కారుని నిలబెట్టండి. క్యాలిపర్ విప్పితే దాన్ని గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగ్‌కి కట్టేయండి. బ్రేక్ దుమ్ముని గాలి కొట్టి ఊదవద్దు. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తీయండి.

మొదట మంచి వెలుగులో డిస్క్ ముఖం చూడండి. ప్యాడ్ ఆకారంలోనే, అంచులు కత్తిరించినట్టున్న ముదురు మచ్చ ఉంటే పూత అని గట్టి అనుమానం. నీలంగా, మెరుస్తూ చిన్న చిన్న మచ్చలుంటే ఆ చోట్లు విపరీతంగా వేడెక్కాయి. ఏమీ కనిపించకపోతే అరుగుదల కావచ్చు. అయితే కంటిని నమ్మి నిర్ణయం తీసుకోకండి, కొలత తీయండి.

ఈ కొలతకు వెర్నియర్ పనికిరాదు. అది 0.02 మి.మీ. కంటే చిన్న తేడా చూపలేదు. పైగా డిస్క్ అంచున ప్యాడ్ తగలక మిగిలిపోయిన గట్టు మీద దాని దవడలు ఆనుకుని తప్పు అంకె ఇస్తాయి. 0.001 మి.మీ. వరకు చదివే మైక్రోమీటర్ కావాలి. డిస్క్‌ని చుట్టూ ఎనిమిది సమ భాగాలుగా సుద్దతో గుర్తు పెట్టండి. అంచు నుంచి 15 మి.మీ. లోపలికి, అన్ని చోట్లా అదే దూరంలో కొలవండి. దూరం మారితే అంకె మారుతుంది, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కో చోట మూడుసార్లు తీసి, మూడూ 0.002 లోపు కలిస్తేనే రాసుకోండి. నాకు చేయి కుదరడానికే అరగంట పట్టింది. తొందరపడితే ఈ పనంతా వృథా.

నా కారు కుడి ముందు డిస్క్‌కి వచ్చిన అంకెలు, ఒకటో గుర్తు నుంచి వరసగా, మిల్లీమీటర్లలో: 21.318, 21.311, 21.300, 21.309, 21.317, 21.310, 21.298, 21.312. అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ తేడా 0.020. అదురుకి ఇది చాలు. తేడా కంటే నన్ను ఆపింది అంకెల వరస. మూడో గుర్తు దగ్గర, ఏడో గుర్తు దగ్గర పలచన. ఆ రెండూ సరిగ్గా ఎదురెదురు. ఊగులాట వల్ల అరిగిన డిస్క్ ముద్ర అచ్చం ఇలాగే ఉంటుంది.

రుద్ది మళ్లీ కొలవండి

పూతా, అరుగుదలా అని తేల్చే మెట్టు ఇదే. 120 నంబరు ఎమరీ పేపర్‌ని చదునైన చెక్కముక్కకు చుట్టి డిస్క్ రెండు ముఖాలనూ సమంగా రుద్దండి. ఒకే చోట కాకుండా చుట్టంతా, అడ్డంగా ఏటవాలుగా గీతలు పడేలా రుద్దాలి. నల్లటి, బూడిదరంగు పొర పోయి ఇనుము రంగు తేలేవరకు చేయండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, అవే ఎనిమిది చోట్ల మళ్లీ కొలవండి.

పూత అయితే తేడా దాదాపు పోతుంది. మా తమ్ముడి కారు ఘాట్ దిగి వచ్చాక అదరడం మొదలైంది. దాని డిస్క్ మీద ప్యాడ్ ముద్ర స్పష్టంగా ఉంది, ఆ ఒక్క చోటే 0.016 ఎక్కువ మందం. రుద్దాక తేడా 0.004కి దిగింది. నా డిస్క్‌కి మాత్రం 0.020 నుంచి 0.018కి వచ్చి ఆగిపోయింది. ఎంత రుద్దినా పోనిది పూత కాదు, లోహమే అరిగింది.

మూడో రకం కూడా ఒకటుంది, దాన్ని గుర్తుపట్టడం ముఖ్యం. పూత మచ్చ మీద రాపిడి ఎక్కువ, అందుకే అక్కడ వేడి కూడా ఎక్కువ. ఆ చోటు 650 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి, ఆ పైకి వెళ్తే డిస్క్‌లోని ఇనుము, కార్బన్ కలిసి సిమెంటైట్ అనే చాలా గట్టి పదార్థంగా మారుతుంది. రుద్దుతుంటే పేపర్ అక్కడ జారిపోతుంది, నీలి మెరుపు మచ్చ అలాగే మిగులుతుంది. ఇది చుట్టూ ఉన్న ఇనుము కంటే తక్కువగా అరుగుతుంది కాబట్టి, ఎలాగో చదును చేసినా కొన్నాళ్లకు మళ్లీ ఎత్తుగా తేలుతుంది. లేత్ పట్టించి, అంటే యంత్రం మీద ముఖం చెక్కించి చదును చేసినా లోపల ఎంత లోతు ఉందో తెలియదు. ఆ డిస్క్ మార్చేయడమే మేలు. పూతని చాలాకాలం పట్టించుకోకుండా తిరిగితే చివరికి చేరేది ఇక్కడికే.

అరుగుదల తేలితే హబ్ దగ్గరికి వెళ్లండి

చక్రం లేకుండా డిస్క్ వదులుగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని హబ్‌కి బిగించాలి. చదును వాషర్లు వేసి అన్ని నట్లూ ఎదురెదురు వరసలో, రెండు మూడు విడతలుగా బిగించండి. డయల్ గేజ్ స్టాండ్‌ని కదలని భాగానికి, అంటే నకిల్‌కి పట్టించి, సూది కొనను డిస్క్ ముఖం మీద అంచుకి 10 నుంచి 15 మి.మీ. లోపల ఆనించండి. చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి, అతి తక్కువ, అతి ఎక్కువ అంకెల మధ్య తేడా చూడండి. మీ కారు మాన్యువల్‌లో పరిమితి ఉంటుంది. చాలా కార్లకు అది 0.05 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ అంకె వేరుగా వస్తుంటే బేరింగ్ లూజు ఉందేమో ముందు చూడాలి.

నాకు 0.09 వచ్చింది. ఎత్తైన చోటు మూడో గుర్తు దగ్గరే. అంటే పలచబడిన చోటే ప్యాడ్‌ని రాసుకుంటోంది, లెక్క కుదిరింది.

ఇప్పుడు తప్పు డిస్క్‌దా హబ్‌దా? ఎత్తైన చోటుకి ఎదురుగా ఉన్న హబ్ బోల్టుకి రంగు చుక్క పెట్టండి. డిస్క్ తీసి, రెండు రంధ్రాలు పక్కకు తిప్పి మళ్లీ బిగించి కొలవండి. ఎత్తు డిస్క్‌తో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది. అదే బోల్టు దగ్గర నిలబడితే తప్పు హబ్‌ది. నాది బోల్టు దగ్గరే నిలబడింది.

డిస్క్ తీసి హబ్ ముఖం చూస్తే ఒక బోల్టు మొదట్లో, గోరంత మేర, తుప్పు పొర గట్టిగా పేరుకుని ఉంది. డిస్కులు మార్చిన రోజు పాతది తీసి, ఆ తుప్పు మీదే కొత్తది తగిలించారు. పొర 0.05 మి.మీ. ఉంటుందేమో. కానీ హబ్ ముఖం వెడల్పు 140 మి.మీ., సూది ఆనిన చోట చుట్టు వెడల్పు 260. హబ్ అంచున 0.05 ఎత్తు లేస్తే డిస్క్ అంచుకి వచ్చేసరికి అది 0.09 అవుతుంది. ఇంత చిన్న తుప్పు కొత్త డిస్క్‌ని పాడుచేసింది. ఐదు నిమిషాలు వైర్ బ్రష్ పట్టి ఉంటే సరిపోయేది, నాకు నిజంగా బాధ వేసింది.

హబ్ ముఖాన్ని, బోల్టుల మొదళ్లను, డిస్క్ లోపలి ముఖాన్ని వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా శుభ్రం చేయండి. హబ్‌ని గ్రైండర్‌తో మాత్రం అరగదీయకండి, అసలు ముఖమే వంకర అవుతుంది. తర్వాత మళ్లీ కొలిస్తే నాకు 0.03 వచ్చింది. శుభ్రం చేశాక కూడా పరిమితి దాటితే డయల్ గేజ్‌ని హబ్ ముఖం మీదే పెట్టి చూడండి. అక్కడే ఊగుతుంటే హబ్ లేదా బేరింగ్ మార్చాలి. అది వదిలేసి డిస్కులు ఎన్ని మార్చినా ఇదే పునరావృతం అవుతుంది.

బాగు చేయడం

పూత మాత్రమే అయితే, రుద్దిన డిస్కులకు తోడు ప్యాడ్ల ముఖాన్ని కూడా చదునైన రాయి మీద పరిచిన ఎమరీ పేపర్ మీద తేలిగ్గా రుద్దండి. మెరుపు పోయి సమంగా గరుకు తేలితే చాలు.

అరుగుదల అయితే మందం చూసి నిర్ణయించాలి. చాలా డిస్కుల మీద కనీస మందం అంకె అంచునో మధ్య భాగంలోనో పోతపోసో ముద్రించో ఉంటుంది. నా డిస్క్ మీద 20 మి.మీ. అని ఉంది, చేతిలో ఉన్నది 21.3. లేత్ పట్టించడానికి చోటుంది. కారు మీదే, హబ్‌కి బిగించి పట్టించే లేత్ దొరికితే అదే మంచిది, ఎందుకంటే ఆ హబ్ తిరిగే తీరుకే డిస్క్ చదునవుతుంది. కనీస మందానికి దగ్గర్లో ఉంటే పట్టించకుండా మార్చేయండి. ఒక వైపు డిస్క్ పట్టించినా, మార్చినా రెండో వైపు కూడా చేయాలి, లేకపోతే బ్రేక్ ఒక పక్కకు లాగవచ్చు.

బిగించే ముందు క్యాలిపర్ పిన్నులు చేత్తో జరుగుతున్నాయో చూడండి. పిన్ పట్టేసి ఉంటే ప్యాడ్ డిస్క్‌ని వదలదు, ఊగులాట తక్కువున్నా అరుగుదల వస్తుంది. పిస్టన్‌ని వెనక్కి నెట్టేటప్పుడు ఆయిల్ డబ్బా పొంగకుండా కనిపెట్టండి. చక్రం నట్లను ఎయిర్ గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు వరసలో, మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి బ్రేక్‌కి పెడల్ నేలకు తగులుతుంది.

ఇక ప్యాడ్లని సెట్ చేయడం. ఖాళీ రోడ్డు మీద 60 స్పీడు నుంచి 15 వరకు, మధ్యస్తంగా, ఎనిమిది నుంచి పది సార్లు తగ్గించండి. ఎక్కడా పూర్తిగా ఆగవద్దు. ఒక్కో దానికి మధ్య అర కిలోమీటరైనా మామూలుగా నడపండి. అన్నీ అయ్యాక పది నిమిషాలు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి. వేడిగా ఉండగా ఆగాల్సి వస్తే, సమతలంగా ఉన్న చోట పెడల్ వదిలి హ్యాండ్ బ్రేక్‌తో నిలపండి. అది వెనక డ్రమ్ముల మీద పనిచేస్తుంది కాబట్టి ముందు డిస్కుల మీద ముద్ర పడదు. వెనక కూడా డిస్కులే ఉన్న కార్లలో కారు కదలనంత మేర మాత్రమే పెడల్ తొక్కి, వీలైతే అంగుళం అంగుళం ముందుకు జరుపుతూ ఉండండి.

కొత్తగా, తేలిగ్గా పడిన పూత అయితే కొన్నిసార్లు చక్రం విప్పకుండా ఈ పది బ్రేకులతోనే పోతుంది, కాబట్టి ఘాట్ దిగిన మర్నాడే అదురు మొదలైతే ముందు ఇది చేసి చూడండి. తగ్గకుండా పెరిగితే ఆపేసి కొలతలకు దిగండి. చల్లగా ఉన్నప్పుడు కొలతలన్నీ సరిగా ఉండి, వరసగా గట్టి బ్రేకులు పడ్డాకే అదిరి, చల్లారగానే పోతుంటే అది వేడికి డిస్క్ తాత్కాలికంగా రూపం మారడం. మైక్రోమీటర్‌కి అది దొరకదు. నీలి మచ్చలుంటే ఆ డిస్కే మార్చాలి.

నా కారుకి లేత్ పట్టించాక మందం తేడా 0.004 వచ్చింది. తర్వాత మూడు వేల కిలోమీటర్లకు, ఏడు వేలకు, పన్నెండు వేలకు చక్రం విప్పి అవే ఎనిమిది గుర్తుల దగ్గర కొలిచాను. 0.004, 0.005, 0.006. మూడో గుర్తుకీ ఏడో గుర్తుకీ ఇప్పుడు మిగతావాటితో తేడా లేదు.